ఆరు పులిహోరల తరవాత

సోమవారం, మధ్యాహ్నం మూడున్నర. మాదాపూర్‌లో ఐదో అంతస్తు. భోజనాలు అయిపోయాయి, టీ వేళ ఇంకా కాలేదు, అందుకే ప్యాంట్రీలో మనిద్దరమే ఉన్నాం. ఆ కుర్చీ ఇటు లాక్కోండి. కిందటేడు కార్తీక మాసంలో ఆరు పులిహోర డబ్బాలు వరసగా కూర్చున్నది ఈ బల్ల మీదే. నాలుగు చింతపండువి, రెండు నిమ్మకాయవి. వాటి పక్కన నాలుగు గిన్నెల గులాబ్‌జామూన్, నాలుగూ పొడి ప్యాకెట్‌తో చేసినవే. పప్పు ఎవరూ తేలేదు. పెరుగు ఎవరూ తేలేదు. అకౌంట్స్‌లో పనిచేసే జైన్ మేడం రెండు అరటిపళ్ళు తిని, "నాకు ఆకలి లేదు లెండి" అని నవ్వి తన సీటుకు వెళ్ళిపోయారు. ఇరవై రెండు మంది వండుకొచ్చిన బల్ల ముందు ఒక మనిషి ఆకలితో లేచి వెళ్ళడం నేను మర్చిపోలేకపోయాను. అందుకే ఈసారి పని నేను అడిగి తీసుకున్నాను.

పాట్‌లక్ వచ్చే బుధవారం కాదు, ఆ పై బుధవారం. బుధవారమే ఎందుకంటే, సోమవారం కార్తీక సోమవారం, మా వాళ్ళలో ఐదుగురు ఉపవాసం ఉంటారు. మంగళవారం, గురువారం, శనివారం ఎవరో ఒకరు మాంసం ముట్టరు. శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్ళేవాళ్ళు ఒంటిగంటకే లేస్తారు, పైగా ఆ రోజు సగం మంది ఇంటి నుంచే పనిచేస్తారు. పంచాంగం కూడా తీసి చూశాను. ఆ బుధవారం ఏకాదశి కాదు, పౌర్ణమికి ముందే వస్తుంది. పౌర్ణమికి ముందా వెనకా అన్నది కూడా వంట మీద ప్రభావం చూపుతుందని నాకు ఇదివరకు తెలియదు. అది కాసేపట్లో మీరే వింటారు.

ఇదిగో షీటు. కిందటేడు దీనిలో రెండే గడులు: పేరు, వంట. ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. ఒకే వంట రెండుసార్లు వస్తే గడి ఎర్రబడేలా మా టెస్టింగ్ కుర్రాడు ఈసారి ఒక సూత్రం పెట్టాడు. చూడండి:

```
=COUNTIF($B$2:$B$23,B2)>1
```

అతని శ్రద్ధ మంచిదే. కానీ కిందటేడు షీటు మీద ఇదే సూత్రం పెట్టి చూశాం, పులిహోర గడి ఒక్కటీ ఎర్రబడలేదు. ఎందుకంటే ఒకరు "పులిహోర" అన్నారు, ఒకరు "చింతపండు పులిహోర", మా కన్నడ అమ్మాయి "పులియోగరె", చెన్నై నుంచి వచ్చినాయన "పులియోదరై". సూత్రం అక్షరాలను పోలుస్తుంది, చింతపండును కాదు.

అసలు చిక్కు పేరు కలవడంలో లేదు. పేర్లు అన్నీ వేరైనా బల్లంతా ఒకటే రుచి కావచ్చు. పులిహోర, గుత్తివంకాయ, సాంబారు, పచ్చిపులుసు, గోంగూర పచ్చడి అనుకోండి. ఐదూ ఐదు వంటలు, కానీ తిన్నవాడి నాలుకకు ఐదూ పులుపే. కాబట్టి ముందు వంట పేరు అడగకూడదు, బల్ల మీద ఖాళీలు గీయాలి. ఆ ఖాళీల్లోకి మనుషులు రావాలి.

రాయండి, మీ చేతిరాత నాకంటే బాగుంది. అన్నాలు మూడు: ఒకటి పుల్లనిది, ఒకటి మసాలాది, ఒకటి పెరుగుది. రొట్టె ఒకటి. పప్పు ఒకటి. సాంబారు ఒకటి. కూరలు రెండు, అందులో ఒకటి వేపుడు. కోడికూర ఒకటి. నంజుకునేది ఒకటి. పచ్చడి ఒకటి. గట్టి పెరుగు ఒకటి. తీపి రెండు, ఒకటి పాలతో, ఒకటి బెల్లంతో. ఇప్పుడు కూడండి. పద్నాలుగు. నేను కాల్చిన అప్పడాలు తెస్తాను, పదిహేను. మనం ఇరవై రెండు మందిమి. మిగిలిన ఏడుగురు వండనక్కరలేదు. పీజీ హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళకి స్టవ్వే లేదు, వాళ్ళని వంట అడిగితే ఏం చేస్తారు, దారిలో స్వీటు షాపు దగ్గర ఆగుతారు. అప్పుడు తీపి ఐదు రకాలవుతుంది. వాళ్ళకి విస్తరి ప్లేట్లు, గ్లాసులు, నీళ్ళ క్యాన్లు, అరటిపళ్ళు, గరిటెలు, చెత్త సంచులు, స్టిక్కర్లు అప్పగిద్దాం. గరిటెల పని మాత్రం జాగ్రత్తయిన వాడికే ఇవ్వాలి. అది చిన్న పని కాదు.

ఖాళీలు గీసేశాం. ఇప్పుడు షీటు అందరికీ పంపేద్దామా? వద్దు. ముందు లేచి నాతో రండి, సీట్ల దగ్గరికి వెళ్దాం.

కిందటేడు అందరికీ ఒక్క ప్రశ్నే పంపాం, "వెజ్జా, నాన్‌వెజ్జా?" అని. జైన్ మేడం "వెజ్" అని రాశారు. ఆ మాట నిజమే, కానీ ఆ మాటలో ఆవిడ తినగలిగేది ఏదీ లేదు. ఈసారి ప్రశ్న మార్చాను. "మీరు ఏం తినరు?" అని అడుగుతున్నాను. అదీ గ్రూపులో కాదు, ఒక్కొక్కరిని, పక్కన నిలబడి. గ్రూపులో అడిగితే ఒంట్లో బాగోలేని సంగతి ఎవరూ రాయరు.

అకౌంట్స్ మేడం తల ఎత్తారు. వాళ్ళ తాతగారి కాలంలోనే రాజస్థాన్ నుంచి బేగంబజార్‌కి వచ్చారు, తెలుగు మనకంటే జోరుగా మాట్లాడతారు.

"ఉల్లి, వెల్లుల్లి తినరని తెలుసు మేడం. ఇంకేమేం?"

"భూమి లోపల కాసేదేదీ తినం. ఆలుగడ్డ, క్యారెట్, ముల్లంగి, చేమగడ్డ. పచ్చి అల్లం కూడా. శొంఠి పర్వాలేదు, ఎండింది కదా. పసుపు పొడీ పర్వాలేదు."

"పాలకూర పప్పు పెడదామనుకుంటున్నాం."

ఆవిడ కాస్త మొహమాటపడ్డారు. "చాతుర్మాసం ఇంకా అయిపోలేదు కదమ్మా. కార్తీక పౌర్ణమి దాకా మా ఇంట్లో ఆకుకూరలు తినం. మీరు చేసుకోండి, నా కోసమని ఆపకండి."

"మరి పెరుగన్నం?"

"తింటాను. కానీ పచ్చి పెరుగులో పప్పులు కలపం. పోపులో మినప్పప్పు, శనగపప్పు వెయ్యకుండా ఉంటే తింటాను. ఆవాలు, కరివేపాకు, ఇంగువ చాలు."

విన్నారా? అందరికీ తేలికనుకునే పెరుగన్నంలోనే అల్లం ఉంది, పప్పుల పోపు ఉంది. దానికి తోడు ఎవరో పెరుగు గారెలు పెడతామన్నారు. అవి చూసి ఈవిడ తింటారని మనం సంతోషపడేవాళ్ళం. జైనులందరూ ఒకేలా పాటించరు, ఆవిడే చెప్పారు, వాళ్ళ చెల్లెలు ఆలుగడ్డ తింటారట. అందుకే పుస్తకంలో చూసి రాసుకోవడం కాదు, ఆ మనిషినే అడగాలి.

ఇప్పుడు కిటికీ పక్క సీటు. ఇతనిది అనంతపురం జిల్లా. చెవుల్లోవి తీసి మనవైపు తిరిగాడు.

"ఏం తినవు నాన్నా?"

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "శనక్కాయలు అక్కా. చిన్నప్పుడు రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చినారు. పెదాలు వాస్తాయి, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుంటది. మా ఊర్లో చేలన్నీ శనక్కాయే, చెప్తే ఎవురూ నమ్మరు."

"మరి కిందటేడు?"

"అన్నం తెచ్చుకొని కింద క్యాంటీన్‌లో తిన్నా."

చూశారా, ఆ సంగతి మనకు తెలియనే తెలియదు. మన వంటల్లో వేరుశనగ ఎక్కడెక్కడ ఉందో ఒకసారి తలుచుకోండి. పులిహోరలో గుళ్ళుగా కనబడుతుంది, అది సులువు. గుత్తివంకాయ మసాలాలో నూరి ఉంటుంది. దొండకాయ వేపుడు మీద పొడిగా చల్లి ఉంటుంది. ఇడ్లీ చట్నీలో, కారప్పొడిలో, హైదరాబాదీ మిర్చీకా సాలన్‌లో, బగారా బైంగన్‌లో కనబడకుండా కలిసిపోయి ఉంటుంది. అన్నిటికంటే కనబడనిది నూనె. బాగా శుద్ధి చేసిన రిఫైన్డ్ వేరుశనగ నూనెలో ఒళ్ళు తిరగబడేలా చేసే మాంసకృత్తులు దాదాపు పోతాయి. గానుగ నూనెలో అవి నిలిచే ఉంటాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో వీధికో గానుగ ఉంది, ఆరోగ్యమని ఇళ్ళల్లో అదే వాడుతున్నారు. కాబట్టి "పల్లీలు వెయ్యలేదు" అన్న మాట ఒక్కటీ చాలదు. "ఏ నూనె?" అని కూడా అడగాలి.

"జీడిపప్పు పడుతుందా?"

"పడుతుంది అక్కా, డాక్టర్ టెస్ట్ చేసి చెప్పినారు. నువ్వులు కూడా పర్లేదు."

"నీ పేరు షీటులో రాయను. 'వేరుశనగ వద్దు' అని మాత్రం రాస్తాను."

ఊపిరి పీల్చుకున్నట్టు తలూపాడు. ఇక్కడ నేను గట్టిగా నిలబడతాను: షీటులో పదార్థం పేరు ఉండాలి, మనిషి పేరు ఉండకూడదు. ఎవరికి ఏ జబ్బుందో ఇరవై ఒక్క మందికి తెలియనక్కరలేదు. అతని పక్క సీటాయనకీ నాకూ మాత్రం తెలిసి ఉండాలి, అతను ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నాడు. గొంతు బిగుసుకుంటే మాత్ర వేసి చూద్దామని ఆగకూడదు, వెంటనే 108కి ఫోను చెయ్యాలి, ఆసుపత్రిలో ఆడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. ఆ మాట పక్క సీటాయనకి చెప్పి వచ్చాను.

ఇక మూడో ఆవిడ. లుధియానా నుంచి వచ్చి ఏడాది అయింది. సీలియాక్ అనే జబ్బు, గోధుమ పడదు. గోధుమలో ఉండే గ్లూటెన్ కాస్త తగిలినా ఆవిడ పేగు లోపలి పొర దెబ్బతింటుంది. మనది అన్నం తినే చోటు కాబట్టి తనకు పంజాబ్‌లో కంటే ఇక్కడే హాయిగా ఉందని నవ్వుతున్నారు. జొన్నరొట్టె చేయిస్తామన్నాను. వద్దన్నారు. గిర్నీలో గోధుమలు పట్టిన రాయి మీదే జొన్నలూ పడతారు, ఆ పిండి కలుస్తుంది. "అన్నం ఉంటే చాలు" అన్నారు.

మూడు కోరికలూ పక్కపక్కన పెట్టుకుని ప్యాంట్రీకి తిరిగొచ్చాం. టీ పోస్తాను, కూర్చోండి. ఇప్పుడు ఆ అలమరలోంచి ఇంగువ డబ్బా తీయండి, మొన్న మజ్జిగలోకి ఎవరో తెచ్చి వదిలేశారు. వెనక్కి తిప్పండి. చిన్న అక్షరాలు. చదవండి.

గోధుమపిండి.

అవును. అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే పాలు ఎండిన జిగురు. ఘాటు ఎక్కువ కాబట్టి దాన్ని పిండిలోనూ తుమ్మజిగురులోనూ కలిపి అమ్ముతారు. చాలా కంపెనీలు వాడే ఆ పిండి మైదా లేక గోధుమ. కొన్ని బియ్యప్పిండి కలుపుతాయి. ఉల్లి వెల్లుల్లి లేని వంటకు రుచి ఇచ్చేది ఇంగువే. జైన్ మేడం కోసం, కార్తీక మాసమంతా ఉల్లి మానేసిన మన వాళ్ళ కోసం ఏ పప్పు చేసినా అందులో చిటికెడు ఇంగువ పడుతుంది. ఆ చిటికెడే లుధియానా ఆవిడకు పడదు. ఒకరి కోసం చేసిన సాయం ఇంకొకరికి అడ్డం తగిలేది ఇలాంటి చోటే. ఎవరికి వారికి వేరే వంట పెట్టి ఊరుకుంటే ఇది బయటపడదు.

2020లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, వేరుశనగ, పాలు, గుడ్లు, సోయా లాంటివి ఉంటే ఆ సంగతి తప్పనిసరిగా రాయాలి. ప్యాకెట్‌కి ఆ చట్టం ఉంది. ఇంటి నుంచి వచ్చే స్టీలు డబ్బాకి లేదు. దానికి లేబుల్ మనమే రాయాలి.

ఇప్పుడు షీటు పంపే ముందు ఒక పట్టిక గీద్దాం. నిలువున వంటలు, అడ్డంగా నాలుగు గడులు: జైన వంట, వేరుశనగ లేనిది, గోధుమ లేనిది, కార్తీక మాసం వాళ్ళు తినేది. ఒక్కో గడిలో కనీసం నాలుగు టిక్కులు పడాలని నా నియమం: ఒక అన్నం, ఒక పప్పు, ఒక కూర, ఒక తీపి. తినడానికి ఏదో ఒకటి దొరకడం కాదు, ఒక పూట భోజనం దొరకాలి. చూస్తుండండి, నాలుగు గడులకీ పదహారు వంటలు అక్కర్లేదు. నాలుగే చాలు, నాలుగూ నాలుగు గడుల్లో పడేలా ఉంటే.

పులిహోర: వేరుశనగ లేకుండా, బియ్యప్పిండి కలిపిన ఇంగువతో, నువ్వుల పొడి చల్లి. పప్పు: ఆకుకూర బదులు సొరకాయ పెసరపప్పు. కూర: దొండకాయ వేపుడు, పైన ఎండుకొబ్బరి కారం. తీపి: చక్కెరపొంగలి, బియ్యం, పెసరపప్పు, కాచిన పాలు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు. నాలుగు వంటలు, నాలుగు వరసలూ నిండిపోయాయి. మిగిలిన పదకొండు వంటల్లో ఎవరిష్టం వారిది, ఏం వేశారో రాస్తే చాలు.

మాంసం మాట. కార్తీకంలో బల్ల మీద కోడి వద్దని ఇద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ నెల మానేసినవాళ్ళు పదమూడు మంది, తినేవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళదీ పండగే. కానీ మానేసినవాళ్ళ మాటకీ విలువ ఉంది. కాబట్టి కోడికూరకి బల్ల వేరే, కిటికీ దగ్గర, గరిటె వేరే, ప్లేట్ల కట్ట వేరే. తెచ్చేది టోలీచౌకి నుంచి వచ్చే భాయ్, హలాల్ దుకాణంలో కొని. ఆయన మొదట కోడితో పాటు మిర్చీకా సాలన్ కూడా తెస్తానన్నారు. "అందులో పల్లీలు పడతాయి కదా భాయ్" అంటే ఒక్క క్షణం ఆలోచించి, "అయితే సాలన్ వద్దు లెండి, కాలీమిర్చి చికెన్ ఒక్కటే తెస్తా, ఉల్లి అందులోనే వేసుకుంటా" అన్నారు. తొమ్మిది మందికి కిలోన్నర కోడి. బగారా అన్నం ఇంకొకరు.

కొలతల దగ్గర అందరూ తప్పుతారు. "ఇరవై రెండు మందికి" అనగానే ప్రతి ఇంట్లో ఇరవై రెండు మంది కడుపు నిండా తినేంత వండేస్తారు. మామూలు భోజనంలో మనిషికి దాదాపు 100 గ్రాముల బియ్యం. అంటే అందరికీ కలిపి 2.2 కిలోలు. మూడు అన్నాలున్నాయి, కాబట్టి ఒక్కొక్కరు మూడు పావుల బియ్యం పెడితే సరిపోతుంది. షీటులో "22 మందికి" అని రాయలేదు. "ముప్పావు కిలో బియ్యం" అని రాశాను. అయితే పులిహోర, పెసరపప్పు, దొండకాయ, పొంగలి మాత్రం పావు వంతు ఎక్కువ చెయ్యమన్నాను. ఎందుకో బుధవారం చూపిస్తాను.

పాట్‌లక్‌కి ముందురోజు, మంగళవారం రాత్రి తొమ్మిది. మీరింకా నాతోనే ఉండండి, ఒక ఫోను చెయ్యాలి. పులిహోర తెస్తానన్నది మా సీనియర్ మేడం. షీటులో "వేరుశనగ లేదు" అని టిక్కు పెట్టారు. కానీ రేపు వండేది ఆవిడ కాదు, వాళ్ళ అత్తగారు. నూనె ఏమిటని అడిగితే మేడం ఫోను స్పీకర్‌లో పెట్టి అత్తగారి చేతికిచ్చారు.

"పల్లీలు వెయ్యొద్దన్నారుగా అమ్మా, వెయ్యట్లేదు. పోపుకి మాత్రం గానుగ నూనే. దాని రుచే వేరు."

"అత్తయ్యగారూ, అది వేరుశనగ గానుగా?"

"అవునమ్మా, ఇంకేముంటుంది?"

చెప్పాను. ఒక పిల్లాడికి గొంతు బిగుసుకుంటుందని మాత్రమే చెప్పాను. అవతల ఒక నిమిషం ఏ శబ్దమూ లేదు. తరవాత అల్మరా తలుపు తీసిన చప్పుడు. "నువ్వుల నూనె ఉందమ్మా, దాంతో చేస్తాను. బాణలీ కూడా మొన్న పల్లీలు వేయించినది కాకుండా కొత్తది తీస్తాను. పిల్లాడు ధైర్యంగా తినమను."

షీటులో టిక్కు పెట్టినవాళ్ళు ఒకరు, స్టవ్వు ముందు నిలబడేవాళ్ళు ఒకరు. మన ఇళ్ళల్లో సగం పాట్‌లక్కులు అత్తయ్యలూ అమ్మలూ వండేవే. సంగతి వాళ్ళ దాకా చేరకపోతే ఎంత మంచి షీటైనా చిత్తుకాగితమే.

బుధవారం, పన్నెండు. రండి, బల్ల సర్దాలి. గరిటెల అబ్బాయి పదహారు తెచ్చాడు, వంటకొకటి, పైన ఒకటి. స్టిక్కర్ల మీద ఏం రాస్తున్నామో చూడండి. "వేరుశనగ రహితం" అని ఎక్కడా రాయనివ్వలేదు. ఇంటి మిక్సీలో నిన్న ఏం నూరారో మనం హామీ ఇవ్వలేం. అందుకని లేనివి కాదు, ఉన్నవి రాస్తున్నాం. "పులిహోర: బియ్యం, చింతపండు, నువ్వుల నూనె, నువ్వుల పొడి, శనగపప్పు, మినప్పప్పు, ఇంగువ, బియ్యప్పిండి రకం." చదివి తినాలో వద్దో ఆ మనిషే తేల్చుకుంటాడు.

వేడి చెయ్యాల్సినవి మూడే: పప్పు, సాంబారు, కోడికూర. ఓవెన్లు రెండే ఉన్నాయి, ఇరవై రెండు మంది తమ డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడితే రెండయ్యేదాకా తిండి ఉండదు. అందుకే మిగిలినవన్నీ చల్లగా ఉన్నా బాగుండేవే ఎంచాం. పొద్దున ఆరింటికి వండినది ఒంటిగంటకు తింటాం, ఏడు గంటలు. తడి అన్నం అంతసేపు బయట ఉంటే పాడయ్యే గుణం ఉంది. పులిహోరకి చింతపండు పులుపు కొంత కాపు. పెరుగన్నం తెచ్చినాయన పొద్దున పాలు ఎక్కువ, పెరుగు రెండు చెంచాలు కలిపి పట్టుకొచ్చి, రాగానే ఫ్రిజ్‌లో పెట్టేశాడు. మధ్యాహ్నానికి ఏ మాత్రం పులవలేదు. పోపులో ఆవాలు, కరివేపాకు మాత్రమే. బగారా అన్నం పదకొండింటికి వండి హాట్‌ప్యాక్‌లో పొగలతో వచ్చింది. కొబ్బరి చట్నీ అసలు వద్దన్నాం.

వరస ఇలా: ఈ చివర ఆ నాలుగు వంటలు, పెరుగన్నం. మధ్యలో ఉల్లి ఉన్నవి. ఆ చివర పుల్కాలు, గోధుమపిండి రాలేది అక్కడే. కోడి కిటికీ దగ్గర.

ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ. ఇప్పుడు ముగ్గురిని పిలుస్తున్నాను, మిగతావాళ్ళకంటే ముందు. అనంతపురం అబ్బాయి, లుధియానా ఆవిడ, జైన్ మేడం. గరిటెలు ఇంకా శుభ్రంగా ఉన్నప్పుడే వాళ్ళు వడ్డించుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది. కొన్నే తినగలిగినవాళ్ళ వంటలే బల్ల మీద ముందు అయిపోతాయి, ఎందుకంటే అవి అందరూ తినగలిగినవి. ఉల్లి లేని పప్పు ఉల్లి తినేవాడికీ రుచే. వరసలో చివర నిలబడిన జైన్ మేడం దగ్గరికి వచ్చేసరికి పప్పు గిన్నె అడుగు కనబడుతుంది. పావు వంతు ఎక్కువ చెయ్యమన్నది అందుకే.

అబ్బాయి స్టిక్కరు రెండుసార్లు చదివాడు. పులిహోర పెట్టుకున్నాడు. పప్పు, పొంగలి పెట్టుకున్నాడు. వేపుడు దగ్గర ఆగి, ఎవరింట్లో చేశారని అడిగి, వదిలేశాడు. ఎందుకని నేను అడగలేదు. అది అతని లెక్క.

ఒంటిగంటా పది. బల్ల చుట్టూ సందడి. అటు చూడండి, ఇంకా తలుపు దగ్గరే ఉన్న హాస్టల్ కుర్రాడు సంచీలోంచి పెద్ద ప్యాకెట్ తీస్తున్నాడు. పల్లీపట్టీ. ఉత్త చేతులతో రావడం బాగుండదని దారిలో కొన్నాడట. అతని మనసు మంచిదే. ప్యాకెట్ విప్పకముందే వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. "ఇది సాయంత్రం కింద టీ దగ్గర తిందాం నాన్నా, ఇక్కడ మాత్రం విప్పకు." సొరుగులో పెట్టి తాళం వేశాం. రాసిన పదిహేను వంటల్లో కాదు, ఇలా రాయకుండా చివర్లో వచ్చే పదహారో దాంట్లో ప్రమాదం ఉంటుంది. వచ్చే ఏడాది షీటులో మొదటి గీత మీదే రాస్తాను, షీటులో లేనిది బల్ల మీద పెట్టవద్దని.

అదిగో, గుత్తివంకాయ గరిటె పెసరపప్పులో ఉంది. ఎవరో తెలియక మార్చారు. వంకాయ మసాలాలో పల్లీలు నూరి ఉన్నాయి, స్టిక్కరు మీద రాసే ఉంది. పప్పు గిన్నెలో అంచున ఎర్రటి మరక కనబడుతోంది చూడండి, అదే గుర్తు. గరిటె కడిగి పెట్టేస్తే సరిపోదు, పప్పులోకి ఇప్పటికే దిగింది. అబ్బాయి ముందే పెట్టుకున్నాడు కాబట్టి బతికాం. అయినా వెళ్ళి, "పప్పు మళ్ళీ వేసుకోకు" అని చెవిలో చెప్పాను. పప్పు స్టిక్కరు మీద పెన్నుతో "వేరుశనగ" అని కలిపి రాశాను. పదహారో గరిటె పప్పులోకి వచ్చింది.

జైన్ మేడం రెండోసారి పొంగలికి వచ్చారు. "ఈసారి ఆకలేసింది" అన్నారు.

రెండుంపావు. గిన్నెలు సర్దుతున్నాం. మిగిలింది చూడండి: సాంబారు రెండు గరిటెలు, పుల్కాలు నాలుగు, అరటిపళ్ళు ఆరు. పులిహోర డబ్బాలో మెతుకు లేదు. అత్తయ్యగారికి ఆ మాట ఫోను చేసి చెప్పాలి, నంబరు కలపండి.

మీ ఆఫీసులో పాట్‌లక్ అనుకున్న రోజున షీటు పంపే ముందు ప్రతి సీటు దగ్గరికీ వెళ్ళి "మీరు ఏం తినరు?" అని అడగండి. ముందురోజు రాత్రి, వండే చేతికి ఒక ఫోను చెయ్యండి.